రెండు పేజీల డిజైన్ డాక్యుమెంట్: గోల్స్, ఆల్టర్నేటివ్స్, రిస్కులు ఎలా రాయాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కావలి. ఎనిమిదేళ్లుగా బ్యాకెండ్ పని చేస్తున్నాను. ప్రస్తుతం అల్లూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ తగ్గితే రైతుకు మెసేజ్ పంపే సిస్టమ్ చూస్తున్నాను. ఈ మధ్య ఒక సీనియర్ పోస్టు ఇంటర్వ్యూలో, "నీకు తెలిసిన సిస్టమ్ ఒకటి తీసుకుని, దాన్ని ఎలా బాగుచేస్తావో గంటన్నరలో రెండు పేజీల డిజైన్ డాక్యుమెంట్ రాయి" అన్నారు. కాఫ్కా పెట్టి, బొమ్మలతో సహా ఆరు పేజీలు రాశాను. "గోల్స్ స్పష్టంగా లేవు, ఆల్టర్నేటివ్స్ పేరుకే ఉన్నాయి, రిస్కులు ఎవరైనా రాసేవే" అని రిజెక్ట్ చేశారు. వచ్చే వారం ఇంకో కంపెనీలో ఇదే రౌండ్ ఉంది. ఈ మూడూ అసలు ఎలా రాయాలన్నా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తమ్ముడూ, నీ సిస్టమ్‌నే తీసుకుని మొదటి నుంచి రాసి చూద్దాం. ఇక్కడ నేను వేసే అంకెలు లెక్క కోసం అనుకున్నవి. అసలువి నీ దగ్గర ఉంటాయి కాబట్టి వాటితో మళ్లీ లెక్క కట్టుకో. ఇంటర్వ్యూలో మాత్రం మీ కంపెనీ లోపలి అంకెలు ఉన్నవి ఉన్నట్టు రాయకు. అటూఇటుగా మార్చి, "ఇలా అనుకుంటున్నాను" అని రాయి.

వాళ్లు చెప్పిన మూడు లోపాలూ నిజానికి ఒకటే. గోల్స్, ఆల్టర్నేటివ్స్, రిస్కులు హెడ్డింగులుగా మూడే కానీ ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. గోల్‌లో నువ్వు రాసిన అంకె వల్ల ఏదో ఒక ఆల్టర్నేటివ్ పక్కకు పోవాలి. చివరికి నువ్వు ఎంచుకున్న దారి వల్ల కొత్తగా వచ్చే ఇబ్బందులే రిస్కుల కింద రావాలి. ఈ ముడి లేనప్పుడు గోల్స్ కోరికల్లా, ఆల్టర్నేటివ్స్ టూల్స్ జాబితాలా, రిస్కులు ఏ సిస్టమ్‌కైనా సరిపోయే మాటల్లా తయారవుతాయి. అందుకే గోల్ దగ్గర ఎక్కువసేపు కూర్చో. అది కుదిరితే మిగతా రెండూ చాలావరకు వాటంతటవే వస్తాయి.

ముందు ఎనిమిది తొమ్మిది వాక్యాల్లో పరిస్థితి చెప్పాలి. చదివేవాడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు, రొయ్యల సాగు గురించి అతనికి ఏమీ తెలియకపోవచ్చు. అతనికి అవసరమైనంతే చెప్పు. ఉదాహరణకు ఇలా:

"3,000 రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు ఉన్నాయి. ఒక్కోదాని నుంచి 5 నిమిషాలకో రీడింగ్ సర్వర్‌కి వస్తుంది. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే గుంటలో రొయ్యలు చనిపోతాయి. ప్రస్తుతం వరుసగా రెండు రీడింగులు 4 పీపీఎం కంటే తక్కువ వస్తే రైతుకు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఈ తనిఖీ చేసే క్రాన్ జాబ్ 5 నిమిషాలకోసారి నడుస్తుంది. అంటే ఆక్సిజన్ 4 కిందికి పడ్డాక మెసేజ్ బయల్దేరేసరికి 15 నిమిషాలు అయిపోవచ్చు. పైగా మెసేజ్ శబ్దానికి నిద్రలో ఉన్న మనిషి లేవడు."

ఆ 15 ఎలా వచ్చిందో నువ్వు నోటితో చెప్పగలగాలి. మంచి రీడింగ్ వచ్చిన మరుక్షణమే ఆక్సిజన్ పడిపోయిందనుకో. మొదటి తక్కువ రీడింగ్‌కి 5 నిమిషాలు, రెండోదానికి ఇంకో 5, జాబ్ వచ్చి చూసేసరికి ఇంకో 5. చెప్పాల్సిన సమస్య అంతే. దీనికి పేరా చాలు, పేజీ అక్కర్లేదు.

ఇక గోల్స్. "అలర్ట్ సిస్టమ్ వేగంగా, నమ్మకంగా, స్కేలబుల్‌గా ఉండాలి" అని రాసి ఉంటావని నా అనుమానం. అలా రాస్తే ఏ డిజైన్ అయినా పాసైపోతుంది. గోల్ అన్నాక కొన్ని డిజైన్లు దాని దగ్గర ఫెయిలవ్వాలి. దానికి అంకె కావాలి, ఆ అంకె కూడా సర్వర్ దగ్గర పుట్టింది కాకుండా రైతు దగ్గర పుట్టింది కావాలి.

రైతు వైపు నుంచి లెక్క చూడు. ఏరేటర్లు ఆగి ఆక్సిజన్ 4 దాటి పడిన దగ్గర్నుంచి 45 నిమిషాల్లో మళ్లీ తిరగాలి, లేకపోతే నష్టం మొదలవుతుందని రైతు చెప్పాడనుకుందాం. ఇంట్లో నిద్రలేచి బండి మీద గుంట దగ్గరికి వెళ్లడానికి 15 నిమిషాలు, జనరేటర్ స్టార్ట్ చేసి ఏరేటర్లు వేయడానికి ఇంకో 10. మొత్తం 25 పోగా 20 నిమిషాలు మిగులుతాయి. మొదటి కాల్‌కి మనిషి లేవకపోవచ్చు. మళ్లీ చేయాలి, అప్పటికీ ఎత్తకపోతే రెండో నంబరుకి చేయాలి. దానికి 10 నిమిషాలు పక్కన పెడితే, మొదటిసారి ఫోను మోగడానికి మన చేతిలో ఉన్నది 10 నిమిషాలే. ఇప్పుడు గోల్ రాయొచ్చు:

"ఆక్సిజన్ 4 పీపీఎం కిందికి పడిన 10 నిమిషాల్లో రైతు ఫోను మోగాలి. నెలలో వచ్చే ప్రతి 100 అలర్ట్‌లలో 99 ఈ గడువు లోపల ఉండాలి."

చదివేవాడు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. ఆక్సిజన్ సరిగ్గా ఏ క్షణాన పడిందో నీకెలా తెలుసు? నీ దగ్గర ఉన్నవి రీడింగులే, మధ్యలో ఏం జరిగిందో తెలియదు. అందుకని "చివరి మంచి రీడింగ్ టైమ్ నుంచి లెక్కిస్తాం" అని గోల్ కిందే రాసెయ్. అసలు కంటే ఐదు నిమిషాల వరకు ఎక్కువ చూపించొచ్చు, ఎప్పుడూ తక్కువ చూపించదు. ఈ ఒక్క వాక్యం ఉంటే గోల్‌ని ఎలా కొలవాలో కూడా ఆలోచించావని తెలుస్తుంది.

దీని పక్కన ఇంకో రెండు గోల్స్ చాలు. రీడింగులు రావడం ఆగిపోతే 15 నిమిషాల్లో ఆ సంగతి కూడా రైతుకు చెప్పాలి. తప్పుడు కాల్స్ ఒక గుంటకు వారానికి ఒకటి దాటకూడదు. గమనించావా, మొదటి గోల్, మూడో గోల్ ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. తొందరగా కాల్ చేస్తే తప్పుడు కాల్స్ పెరుగుతాయి, నిర్ధారించుకుని చేద్దామంటే ఆలస్యమవుతుంది. ఇలాంటి లాగులాట ఉంటే దాచకు. ఏది ముఖ్యమో తేల్చి రాయి: "రెండిట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే, ఒక కాల్ ఎక్కువ వచ్చినా ఫర్వాలేదు, ఒకటి తప్పిపోవడం మాత్రం కుదరదు." ఈ వాక్యం తర్వాత రెండుసార్లు పనికొస్తుంది, చూస్తూ ఉండు.

గోల్స్ కింద మనం చేయనివి కూడా రాయాలి. చాలామంది ఇక్కడ "సిస్టమ్ క్రాష్ కాకూడదు" లాంటివి రాస్తారు. అది చేయని పని కాదు, మామూలు జాగ్రత్త. చేయొచ్చు, చేస్తే బాగానే ఉంటుంది, అయినా ఈసారి వద్దనుకున్నది ఇక్కడ రావాలి. నీ కేసులో అది ఏరేటర్‌ని సర్వరే స్టార్ట్ చేయడం. చదివే ప్రతివాడికీ ముందు ఈ ఆలోచనే వస్తుంది. ఎందుకు వద్దో ఒక్క వాక్యంలో చెప్పు: గుంటలో మనిషి దిగి ఉన్నప్పుడో వైరు రిపేరు చేస్తున్నప్పుడో దూరం నుంచి మోటారు ఆన్ అయితే ప్రాణాపాయం, ఆ భద్రత ఏర్పాట్లు వేరే ప్రాజెక్టు. ఇలా రాస్తే ఇంటర్వ్యూలో ఆ చర్చకు పోయే పది నిమిషాలు మిగులుతాయి.

ఎంచుకున్న డిజైన్‌కి అర పేజీ చాలు. గుంటలో ఆక్సిజన్ 5 కిందికి వచ్చిందంటే పరికరం 5 నిమిషాలకు బదులు నిమిషానికో రీడింగ్ పంపుతుంది. సర్వర్ రీడింగ్ తీసుకునేటప్పుడే తనిఖీ చేస్తుంది, క్రాన్ జాబ్ ఉండదు. వరుసగా రెండు రీడింగులు 4 కంటే తక్కువ ఉంటే అదే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో alerts అనే టేబుల్‌లో ఒక వరుస చేరుతుంది. నాలుగు వర్కర్లు ఆ టేబుల్ నుంచి ఒక్కొక్కటి తీసుకుని వాయిస్ కాల్ చేస్తాయి. బొమ్మ ఒకటి గీయి, అందులో ఐదు డబ్బాలు మించకూడదు.

అన్నిటికంటే చెడ్డ పరిస్థితిలో ఇది ఎంత టైమ్ తీసుకుంటుందో కూడా అక్కడే రాయాలి. ఆక్సిజన్ మెల్లగా 5 నుంచి 4కి వస్తే పరికరం అప్పటికే నిమిషానికోసారి పంపుతూ ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రెండు రీడింగుల మధ్యలో ఒక్కసారిగా పడిపోతే మొదటి తక్కువ రీడింగ్‌కి 5 నిమిషాలు, రెండోదానికి 1, మొత్తం 6. అంటే కాల్ చేయడానికి ఇంకా 4 నిమిషాలు ఉన్నాయి. ఈ 4 నిమిషాలు గుర్తుపెట్టుకో, ఆల్టర్నేటివ్స్ సంగతి తేలేది దీనితోనే.

నీ కాఫ్కా దగ్గరికి వద్దాం. 3,000 గుంటలు, 5 నిమిషాలకో రీడింగ్ అంటే సెకనుకు 10 రీడింగులు. అన్ని గుంటలూ ఒకేసారి నిమిషానికో రీడింగ్ పంపినా సెకనుకు 50. ఒక మామూలు పోస్ట్‌గ్రెస్ సర్వర్‌కి ఇది లెక్కలోకి రాని పని. ఈ భాగహారం డాక్యుమెంట్‌లో లేకుండా కాఫ్కా కనిపిస్తే, టూల్ ముందు ఎంచుకుని సమస్య తర్వాత వెతికావని చదివేవాడు అనుకుంటాడు. నీ విషయంలో అదే జరిగి ఉంటుంది.

అయితే సగటు ఒక్కటే చూడకు. ఈ సిస్టమ్‌లో బరువు రీడింగులు లోపలికి వచ్చేచోట లేదు, కాల్స్ బయటికి వెళ్లేచోట ఉంది. ఒక సబ్‌స్టేషన్ కింద 400 గుంటలు ఉన్నాయనుకో. తెల్లవారుజామున 3 గంటలకు అక్కడ కరెంటు పోతే ఆ 400 గుంటలూ దాదాపు ఒకేసారి పడతాయి. రోజంతా పది కాల్స్ కూడా లేని సిస్టమ్ నాలుగు నిమిషాల్లో 400 కాల్స్ చేయాలి. ఆల్టర్నేటివ్స్ అన్నిటినీ ఈ 400 ముందు నిలబెట్టు.

మొదటిది, ఇప్పుడున్నదాన్నే కొద్దిగా మార్చడం: పరికరం మన డిజైన్‌లోలాగే 5 కిందికి వచ్చాక నిమిషానికో రీడింగ్ పంపేలా చేసి, క్రాన్ జాబ్‌ని 5 నిమిషాలకు బదులు నిమిషానికి పెట్టి, ఎస్సెమ్మెస్‌కి బదులు కాల్ చేయించడం. ఈ ఆల్టర్నేటివ్ ప్రతి డాక్యుమెంట్‌లో ఉండాలి, ఎందుకంటే అన్నిటికంటే చవకైంది ఇదే, సర్వర్ వైపు పని నిజంగా ఒక పూటలో అయిపోతుంది. దీన్ని గౌరవంగా రాయి. మామూలు రోజుల్లో ఇది గోల్‌ని అందుకుంటుందని కూడా రాయి. ఫెయిలయ్యేది ఎక్కడంటే, జాబ్ ఒకదాని తర్వాత ఒకటి కాల్ చేస్తుంది. ఒక్కో కాల్ రిక్వెస్ట్‌కి 2 సెకన్లు అనుకుంటే నిమిషానికి 30, 400 కాల్స్‌కి 13 నిమిషాలు దాటుతుంది. చివరి రైతుకు ఫోను మోగేసరికి 6కి 1, దానికి 13 కలిపి 20 నిమిషాలు. మన గోల్ 10. మధ్యలో జాబ్ ఆగిపోతే ఎవరికి కాల్ వెళ్లిందో, ఎవరికి వెళ్లలేదో తెలిసే దారి కూడా లేదు.

రెండోది, మనం ఎంచుకున్నది. నాలుగు వర్కర్లు కలిసి నిమిషానికి 120 కాల్స్ చేస్తాయి. 400 కాల్స్‌కి 3 నిమిషాల 20 సెకన్లు. 4 నిమిషాల్లో సరిపోయింది, అంతంతమాత్రంగానే. అంతంతమాత్రం అన్న మాట కూడా రాయి.

మూడోది కాఫ్కా, దాని మీద స్ట్రీమ్ ప్రాసెసింగ్. గోల్‌ని సులభంగా అందుకుంటుంది, కాబట్టి అంకె దీన్ని కొట్టేయలేదు. పక్కన పెట్టింది వేరే కారణానికి: ఇద్దరే ఉన్న టీమ్ రాత్రి 3 గంటలకు ఇంకో సిస్టమ్‌ని కూడా కనిపెట్టుకుని ఉండాలి, సెకనుకు 50 రీడింగుల కోసం ఆ శ్రమ తగదు. ఆ తర్వాత ఇలా రాయి: "గుంటలు లక్షలు దాటినా, ఇవే రీడింగులు మేత లెక్కలకో బీమాకో ఇంకో రెండు టీమ్‌లకు కావాల్సి వచ్చినా ఇదే సరైన దారి, అప్పుడు మారతాం." ఒక ఆల్టర్నేటివ్ నిజంగా ఆలోచించి రాసిందా, పేరుకి రాసిందా అన్నది నేనైతే ఇక్కడే చూస్తాను. ఏ పరిస్థితిలో అది గెలుస్తుందో రాయగలిగావంటే ఆలోచించినట్టే. దాని గురించి అన్నీ లోపాలే రాశావంటే ఓడిపోవడానికే తెచ్చి పెట్టావని అర్థం.

నాలుగోది చాలామందికి తట్టనిది: సర్వరే లేకుండా గుంట గట్టు మీద సైరన్. పరికరమే ఆక్సిజన్ చూసుకుని సెకన్లలో మోగిస్తుంది, నెట్‌వర్క్ అక్కర్లేదు. వేగం చూస్తే మన డిజైన్ కంటే ఇదే మెరుగు. మరి ఎందుకు వద్దన్నావు? గట్టు మీద కాపలా మనిషి ఉన్న గుంటలకే పనికొస్తుంది, రైతు ఊళ్లో పడుకుంటే వినపడదు. పైగా 3,000 పరికరాల దగ్గరికి మనిషి వెళ్లి బిగించాలి. కాబట్టి ఇప్పుడు కాదు. కానీ దీన్ని పూర్తిగా కొట్టేయకు, రిస్కుల్లో మళ్లీ అవసరం పడుతుంది. సాఫ్ట్‌వేర్ పెట్టెల్ని అటూ ఇటూ మార్చినవే నాలుగు రాస్తే అవి నాలుగు ఆల్టర్నేటివ్స్ కావు, ఒకటే. కనీసం ఒకటి సమస్యని వేరే చోట పట్టుకోవాలి.

రిస్కుల దగ్గర "సర్వర్ డౌన్ అవ్వొచ్చు, సెక్యూరిటీ సమస్య రావొచ్చు" అని రాసి పక్కన ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని పెడితే వాళ్లకు ఏమీ తెలియదు. ఒక్కో రిస్కుకి నాలుగు సంగతులు చెప్పు: ఏం జరుగుతుంది, జరిగిందని మనకెలా తెలుస్తుంది, ఏం చేస్తాం, అది చేశాక కూడా ఏం మిగిలిపోతుంది. ఆ చివరిది రాయడానికే అందరూ భయపడతారు. సీనియర్ అని వాళ్లు గుర్తుపట్టేది కూడా దాన్నిబట్టే. మూడు రిస్కులు చాలు, అవి ఈ డిజైన్‌కి మాత్రమే చెందినవై ఉండాలి.

అన్నిటికంటే పెద్దది నిశ్శబ్దం. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. అదే కరెంటు మీద నడిచే సెల్ టవర్ బ్యాటరీ అయిపోతే అదీ ఆగుతుంది. అంటే ఆక్సిజన్ పడిపోయే సమయానికే రీడింగులు రావడం కూడా ఆగిపోవచ్చు. మన డిజైన్ తక్కువ రీడింగ్ వస్తేనే కాల్ చేస్తుంది, రీడింగే రాకపోతే అంతా బాగున్నట్టే కూర్చుంటుంది. ఒకే కారణం వల్ల ప్రమాదం, దాన్ని చూసే కన్ను రెండూ ఒకేసారి పోవడం ఇలాంటి సిస్టమ్స్‌లో అసలు రిస్కు. తెలుసుకునేది ఎలా? ప్రతి గుంట నుంచి చివరి రీడింగ్ ఎప్పుడొచ్చిందో నిమిషానికోసారి చూడాలి. చేసేదేంటి? వరుసగా రెండు రీడింగులు రాకపోతే "మీ గుంట నుంచి సమాచారం రావడం లేదు, ఒకసారి చూసుకోండి" అని వేరే కాల్. రెండో గోల్ పెట్టుకున్నది ఇందుకే. ఇక మిగిలేది: రైతు ఇల్లు కూడా అదే టవర్ కింద ఉంటే ఆ కాల్ కూడా పోదు. దీన్ని ఈ డిజైన్ పరిష్కరించదని స్పష్టంగా రాయి. ఇలాంటి గుంటలకే రెండో విడతలో గట్టు మీద సైరన్ పెడతామని రాయి. వద్దనుకున్న ఆల్టర్నేటివ్ మిగిలిపోయిన రిస్కుకి మందుగా ఎలా తిరిగొచ్చిందో చూశావు కదా.

రెండోది, రైతు ఫోను ఎత్తడం మానేయడం. పరికరం మొనకి నాచు, జిగురు పట్టి రీడింగ్ ఉన్నదానికంటే తక్కువ చూపించడం మొదలవుతుంది. వరుసగా రెండు రీడింగులు చూడాలన్న నియమం దీన్ని ఆపలేదు, ఎందుకంటే మురికి పట్టిన పరికరం రెండుసార్లూ తప్పే చెబుతుంది. మూడు రాత్రులు ఊరికే లేపితే నాలుగో రాత్రి రైతు ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకుంటాడు, నిజంగా ఆక్సిజన్ పడేది ఆ రాత్రే కావచ్చు. తెలుసుకోవడానికి కాల్‌లోనే ఒక మార్గం పెట్టు: సమస్య నిజమైతే 1, ఏమీ లేకపోతే 2 నొక్కమను. ఒక గుంట నుంచి వారంలో రెండుసార్లు 2 వస్తే ఆ పరికరం కడగడానికి మనిషి వెళ్లాలి. మిగిలేది, రైతు ఏదీ నొక్కకుండా పెట్టేస్తే మనకు తెలియదు.

మూడోది కాల్స్ పంపించే ప్రొవైడర్. ఒకే కంపెనీ మీద ఆధారపడ్డాం, వాళ్లు ఆగితే మనమూ ఆగినట్టే. ఎస్సెమ్మెస్‌ని వెనక దారిగా పెట్టుకుంటే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో కంపెనీలు పంపే మెసేజ్‌ల పాఠం ముందుగా డీఎల్‌టీ ప్లాట్‌ఫామ్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. టెంప్లేట్‌కి సరిపోని మెసేజ్‌ని టెలికాం కంపెనీ ఆపేస్తుంది. హడావుడిగా మాట మార్చి డిప్లాయ్ చేస్తే ఆ రాత్రి ఒక్క మెసేజ్ కూడా వెళ్లదు. కాబట్టి మెసేజ్ పాఠం మారిన ప్రతిసారీ, రిలీజ్‌కి ముందే మన సొంత నంబరుకి ఒకటి పంపి, అందిందని చూసుకోవాలి. పని చేసినవాడికే తెలిసే ఇలాంటి చిన్న సంగతి ఒకటి ఉంటే మిగతా డాక్యుమెంట్ మీద కూడా నమ్మకం పెరుగుతుంది.

రాసిచ్చాక మాట్లాడేటప్పుడు తప్పకుండా అడిగేది, రెండు వర్కర్లు ఒకే రైతుకు కాల్ చేస్తే ఎలా అని. డాక్యుమెంట్‌లో కోడ్ పెట్టకు, ఒక వాక్యం చాలు. చేతిలో మాత్రం ఇది ఉంచుకో:

```sql
UPDATE alerts
SET status = 'calling', taken_at = now()
WHERE id = (
  SELECT id FROM alerts
  WHERE status = 'new'
  ORDER BY created_at
  FOR UPDATE SKIP LOCKED
  LIMIT 1
)
RETURNING id, pond_id, phone;
```

ఒక వర్కర్ పట్టుకున్న వరుసని రెండో వర్కర్ ఆగి చూడకుండా దాటేసి తర్వాతది తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో `SKIP LOCKED` 9.5 వెర్షన్ నుంచి ఉంది. ఇంకో మెట్టు పైకి అడుగుతారు: వరుస తీసుకున్న వర్కర్ కాల్ అయ్యీ అవకముందే పడిపోతే? రెండు నిమిషాలకు మించి calling దగ్గరే ఉన్న వరుసల్ని మళ్లీ new చేస్తాం. అప్పుడు ఒక్కోసారి ఒకే రైతుకు రెండు కాల్స్ వెళ్తాయి. ఇక్కడ గోల్స్‌లో రాసిన ఆ వాక్యం చూపించు, ఎక్కువ వచ్చినా ఫర్వాలేదు, తప్పిపోకూడదు అని. తప్పుడు కాల్స్ విషయంలో ఒకసారి, ఇక్కడ ఒకసారి అదే వాక్యం నీ తరఫున మాట్లాడుతుంది.

గంటన్నరలో మొదటి అరగంట రాయడం మొదలుపెట్టకుండా లెక్కలకే వాడు: సెకనుకు ఎన్ని రీడింగులు, చెడ్డ రాత్రి ఎన్ని కాల్స్, రైతుకు ఎన్ని నిమిషాలు. తర్వాత గోల్స్, వెంటనే ఆల్టర్నేటివ్స్. ఎంచుకున్న డిజైన్ ఆ తర్వాత రాయి, అలా చేస్తే అది తానే అర పేజీకి తగ్గుతుంది. చివరి పావుగంట కోతకి ఉంచుకో. రెండు పేజీలు దాటితే ముందు తీసేయాల్సింది డేటాబేస్ టేబుల్ వివరాలు, ఆ తర్వాత ఏపీఐల జాబితా. రిస్కుల్లో "ఇంకా మిగిలేది" అన్న వాక్యాలు మాత్రం తీయకు.

అన్నిటికంటే కింద, ఇంకా తేలని ప్రశ్నలు రెండు మూడు పెట్టు. ఒక్కోదాని పక్కన ఎవరిని అడిగితే తేలుతుందో రాయి. ప్రొవైడర్ మనకు సెకనుకు రెండు కాల్స్ అనుమతిస్తాడా, రెండో ఫోన్ నంబరు ఎంతమంది రైతులు ఇచ్చారు, పాత పరికరాలు నిమిషానికో రీడింగ్ పంపితే బ్యాటరీ రాత్రంతా నిలుస్తుందా. మూడోదానికి కాదు అని జవాబు వస్తే మన 6 నిమిషాల లెక్క కాస్తా 10 అవుతుంది, కాల్స్‌కి టైమే మిగలదు. అప్పుడు ఆ గుంటలకు ఒక్క తక్కువ రీడింగ్‌కే కాల్ చేసి తప్పుడు కాల్స్ పెరగనివ్వడమా, లేక 10ని 15 చేసి రైతుకు రెండోసారి కాల్ చేసే టైమ్ తగ్గించుకోవడమా అన్నది తేల్చాలి. నా ఓటు మొదటిదానికే. నువ్వు ఏది ఎంచుకున్నా, ఆ ప్రశ్న కిందే కారణంతో సహా రాసి ఇవ్వు.